ఎండలో చదవాలి, నీడ పడకూడదు: ఆమోలెడ్ వాచీయా, మిప్ వాచీయా?

"గాజువాకలో ఉంటాను. కంటైనర్ యార్డులో సూపర్‌వైజర్ ఉద్యోగం. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటాను. ఆదివారాలు బీచ్ రోడ్డులో పరుగు. ఇప్పుడున్న ఆమోలెడ్ వాచీకి మూడేళ్లు. టైము ఎప్పుడూ కనబడేలా ఆల్వేస్ ఆన్ పెట్టుకునే వాడాను. ఈమధ్య తెల్ల స్క్రీన్ వచ్చినప్పుడల్లా అంకెల నీడ కనిపిస్తోంది, మధ్యలో రెండు చుక్కలైతే మరీ స్పష్టంగా. కొత్తది కొందామని జగదాంబ దగ్గర ఒక షాపుకి వెళ్తే ఆమోలెడ్ వాచీ ధగధగలాడుతోంది, పక్కనే ఉన్న మిప్ స్క్రీన్ వాచీ వెలిసిపోయినట్టు బూడిద రంగులో ఉంది. రెండూ దాదాపు ఒకే ధర. ఎండలో ఏది మేలు? ఈ నీడ మళ్లీ పడకుండా చూసుకోవచ్చా?" — ఒక పాఠకుడు, విశాఖపట్నం

మీ పనికి మిప్ వాచీయే తీసుకోండి. షాపులో అది వెలవెలబోయిందంటే అక్కడి వెలుతురు దానికి చాలలేదు. అదే వాచీని గుమ్మం దాటించి రోడ్డు మీదికి తెస్తే వ్యవహారం తిరగబడుతుంది. మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ, ఆమోలెడ్ విషయంలో ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఎండలో కనబడాలంటే తెర వెలుగు పెంచాలి, వెలుగు పెంచిన కొద్దీ ఆ నీడ తొందరగా పడుతుంది. మిప్ తెరకి ఈ పేచీ లేదు.

ఆమోలెడ్ తెరలో ప్రతి పిక్సెల్ తన వెలుగు తానే ఇస్తుంది. నల్లగా కనిపించే చోట పిక్సెల్ ఆరిపోయి ఉంటుంది, కరెంటు తీసుకోదు. మిప్ తెర సొంతంగా వెలగదు. అది ఎల్‌సీడీ జాతిది. బయటి నుంచి పడిన వెలుతురునే వెనకనున్న పొర తిప్పి కొడుతుంది, మధ్యలో ఉన్న ద్రవస్ఫటికాల పొర ఎక్కడ వదలాలో ఎక్కడ ఆపాలో నిర్ణయిస్తుంది. ప్రతి పిక్సెల్‌కీ ఒక బుల్లి మెమరీ ఉంటుంది కాబట్టి మెమరీ ఇన్ పిక్సెల్ అన్నారు, అదే పొట్టిగా మిప్. ఒకసారి బొమ్మ రాసిపెడితే మారేదాకా మళ్లీ రాయనక్కర్లేదు. అందుకే రోజంతా టైము కనబడుతున్నా బ్యాటరీకి పెద్ద భారం ఉండదు.

ఇప్పుడు ఎండ లెక్క. నడి మధ్యాహ్నం నేల మీద పడే వెలుతురు సుమారు 1,00,000 లక్స్. లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకి కొలత, నిట్స్ అంటే అక్కడి నుంచి కంటికి వచ్చే వెలుగుకి కొలత. ఆ ఎండలో తెల్ల కాగితం పెడితే దాని వెలుగు 30,000 నిట్స్ దాటుతుంది. మిప్ తెరలో తెల్లగా ఉన్న భాగం అందులో పదో వంతే తిప్పి కొడుతుందని, నల్లగా ఉన్న భాగం నూరో వంతు తిప్పి కొడుతుందని అనుకుందాం. అంటే తెలుపు 3,200 నిట్స్, నలుపు 320. దీనికి తోడు పైనున్న గాజు కూడా ఆకాశాన్ని కొంత చూపిస్తుంది. మామూలు గాజు తన మీద పడిన దాంట్లో నాలుగైదు శాతం వెనక్కి పంపుతుంది. నీలాకాశం వెలుగు 5,000 నిట్స్ అనుకుంటే అందులో ఓ 225 నిట్స్ తెర మీద పలచటి పరదాలా పరుచుకుంటుంది. ఆ పరదా తెలుపుకీ కలుస్తుంది, నలుపుకీ కలుస్తుంది. అన్నీ కలిపితే మిప్‌లో తెలుపు నలుపుకి ఆరు రెట్లు. హాయిగా చదవచ్చు.

అదే ఆకాశం కింద ఆమోలెడ్ చూడండి. పెట్టె మీద 1,000 నిట్స్ అని ఉంది, నిజంగానే 1,000 ఇచ్చిందనుకుందాం. పరదా అదే 225. తెల్ల అంకె 1,225, చుట్టూ నలుపు 225, అంటే అయిదు రెట్లకు కొంచెం పైన. ఇక్కడిదాకా రెండూ ఇంచుమించు సమఉజ్జీలే. ఎండలో ఆమోలెడ్ కనబడదనే మాట పాత వాచీల కాలం నాటిది. ఇప్పటి మంచి వాచీలకి 1,000 నిట్స్ మామూలు, అంతకు రెండు మూడు రెట్లు ఇచ్చేవీ ఉన్నాయి.

కానీ ఆ 1,000 నిట్స్ ఎప్పుడిస్తుంది? మీరు చెయ్యి తిప్పి మొహం దగ్గరికి తెచ్చినప్పుడు. తెర పూర్తిగా మేలుకుని, వెలుతురు పసిగట్టే సెన్సర్ 'ఇది ఎండ' అని తేల్చుకున్నాక, కొద్దిసేపటికి. మిగతా సమయమంతా ఉండేది ఆల్వేస్ ఆన్ తెర. దాని వెలుగు ఎంతో పెట్టె మీద రాయరు, మేలుకున్న తెరతో పోలిస్తే చాలా తక్కువ. అది 100 నిట్స్ ఇస్తోందనుకుంటే పై లెక్కలో 325 బై 225, అంటే ఒకటిన్నర రెట్లు కూడా లేదు. తేడా రెండు రెట్ల కంటే తగ్గితే కళ్లు చికిలించి వెతుక్కోవాల్సిందే. కొన్ని వాచీలు ఎండలో ఆల్వేస్ ఆన్ తెర వెలుగు కూడా పెంచుతాయి, కొన్ని పెంచవు. కొనేముందు ఇదొక్కటే గట్టిగా తేల్చుకోవాలి.

మీ యార్డులో ఈ తేడా మరీ తెలుస్తుంది. చెయ్యి తిప్పితే తెర మేలుకోవడమనేది మణికట్టు ఒక తీరులో తిరిగితేనే జరుగుతుంది. చేతిలో వాకీటాకీ ఉన్నా, ప్యాడ్ పట్టుకుని రాసుకుంటున్నా, నిచ్చెన కమ్మీ పట్టుకుని ఉన్నా మణికట్టు అలా తిరగదు. రెండో చేత్తో తెరను తడదామంటే గ్లవ్‌కి స్పందించదు, చెమట చుక్క పడితే తనంతట తానే ఏదో మెనూలోకి పోతుంది. కాబట్టి రోజులో చాలాసార్లు మీరు చూసేది ఆ మసక తెరనే. మిప్‌కి మేలుకోవడం, నిద్రపోవడం అంటూ ఏమీ లేవు. ఓరకంట చూసినా టైము అక్కడే ఉంటుంది.

షాపులో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. గదిలో వెలుతురు 300 లక్స్ అనుకోండి. దాంట్లో మిప్ తెర తెలుపు పట్టుమని పది నిట్స్ కూడా ఇవ్వలేదు. పక్కన ఆమోలెడ్ రెండు మూడు వందల నిట్స్‌తో కూర్చుంది. పైగా షోరూముల్లో పెట్టే డెమో వాచీ పూర్తి వెలుగులో వీడియో తిప్పుతూ ఉంటుంది. ఇంటికి తెచ్చుకున్న వాచీ అలా ఉండదు.

కాబట్టి మళ్లీ వెళ్లండి, మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య. డెమో మోడ్ తీసేయమనండి. ఆమోలెడ్ వాచీలో వెలుగు ఆటోలో పెట్టించి, ఆల్వేస్ ఆన్ వేయించండి. రెండు వాచీలూ ఒకే చేతికి పెట్టుకుని రోడ్డు మీదికి రండి. ఎండ మీ వీపు వైపు నుంచి వచ్చి వాచీల మీద పడేలా నిలబడి, చెయ్యి కదపకుండా ఓ పదిహేను సెకన్లు ఆగండి. ఆమోలెడ్ మేలుకున్న తెర నుంచి ఆల్వేస్ ఆన్‌కి జారిపోతుంది. అప్పుడు మోచెయ్యి మామూలుగా వంచి, మొహం దగ్గరికి తేకుండా నిమిషాల అంకె చదవండి. మీ ఉద్యోగానికి అసలు పరీక్ష ఇదే. తరవాత చెయ్యి తిప్పి ఆమోలెడ్ పూర్తి వెలుగుకి రావడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడండి. చివరగా ఏదో ఒక వర్కౌట్ మొదలుపెట్టి, తెర వెలుగుతూనే ఉండేలా చేసి, అయిదు నిమిషాలు ఎండలో ఉంచండి. వేడెక్కాక కొన్ని వాచీలు తమంతట తామే వెలుగు తగ్గించుకుంటాయి. అది షాపు లోపల ఏనాటికీ బయటపడదు.

ఈ పరీక్ష చేసేటప్పుడు మీరు రోజూ పెట్టుకునే చలవ కళ్లద్దాలు పెట్టుకోవడం మర్చిపోవద్దు. అవి పోలరైజ్డ్ అయితే మరీ ముఖ్యం. పోలరైజర్ అంటే ఒక దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చే పొర. మిప్ ఎల్‌సీడీ కాబట్టి దాని పైన పోలరైజర్ ఉంటుంది. ఆమోలెడ్‌కీ బయటి వెలుతురు లోపలి లోహపు తీగల మీద పడి వెనక్కి రాకుండా పోలరైజర్ పొర వేస్తారు. రెండు పోలరైజర్లు ఒకదానికొకటి అడ్డంగా పడితే తెర నల్లబడుతుంది. వాచీని కళ్ల ముందు పెట్టి నెమ్మదిగా పావు చుట్టు తిప్పండి. ఏదో ఒక కోణంలో నల్లబడితే ఫరవాలేదు, కానీ మీరు సహజంగా చూసే కోణంలో నల్లబడకూడదు. ఇది మోడల్‌ని బట్టి మారుతుంది, మిప్ అయినా ఆమోలెడ్ అయినా చూసుకోవాల్సిందే. ఇంద్రధనుస్సు రంగుల మరకలు కనబడితే వాచీని అనుమానించే ముందు దాని మీదున్న ప్లాస్టిక్ స్క్రీన్ గార్డ్ తీసి చూడండి. చాలాసార్లు దోషం దానిదే.

స్క్రీన్ గార్డ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. సరిగ్గా అతకని గార్డ్ కింద గాలి పొర నిలుస్తుంది. గాలికీ గాజుకీ మధ్య ఉన్న ప్రతి హద్దూ మరికొంత వెలుతురు తిప్పి కొడుతుంది, పైన చెప్పిన పరదా మందమవుతుంది. గార్డ్ సెన్సర్‌కి అడ్డం వస్తే ఆమోలెడ్ ఎండను గుర్తించక మసగ్గానే ఉండిపోతుంది. పొడుగు చేతుల చొక్కా అంచు వాచీ మీదికి జారినా ఇదే తంతు. సముద్రం పక్కన ఉప్పు గాలి, దానికి తోడు చెమట. అవి ఆరితే గాజు మీద కంటికి ఆనని తెల్లటి పొర పేరుకుంటుంది, ఎండ పడగానే తెరంతా పాలిపోయినట్టు కనబడుతుంది. చొక్కాతో పొడిగా తుడిస్తే ఇంకా అలుముకుంటుంది. మంచినీళ్ల కింద కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి.

మిప్ కొన్నాక కూడా ఒక సంగతి ఎదురవుతుంది, కంగారు పడకండి. విశాఖలో మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో వాచీని నేలకి సమాంతరంగా పట్టుకుంటే గాజులో సూర్యుడి ప్రతిబింబమే కళ్లలోకి కొడుతుంది. దాని ముందు ఏ తెరా ఆగదు. మణికట్టు కాస్త అవతలికి వంచితే ప్రతిబింబం పక్కకి జరుగుతుంది, అంకెలు తేలతాయి. ఆదివారం పరుగులో అయితే ఇంత తిప్పలు లేదు. పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పోతుంటే ఎండ కుడి పక్క నుంచి వస్తుంది, ఎడమ చేతి వాచీ మీ ఒంటి నీడలో ఉంటుంది. అయినా పైన ఆకాశం ఉంది కాబట్టి మిప్‌కి ఆ వెలుతురు చాలు.

ఇక మీ పాత వాచీ మీది నీడ. అది బర్న్ ఇన్ అనే అనిపిస్తోంది, మీరు చెప్పిన గుర్తులే ఆ మాట చెబుతున్నాయి. పేరులో బర్న్ ఉన్నా అక్కడ ఏదీ కాలదు. ఆమోలెడ్ పిక్సెల్‌లో వెలిగేది ఒక సేంద్రియ పదార్థం. కరెంటు పోయిన కొద్దీ అది అరిగి, అదే కరెంటుకి తక్కువ వెలుగు ఇస్తుంది. తెరంతా సమానంగా అరిగితే మనకి తెలియనే తెలియదు. ఒకేచోట ఎక్కువగా వెలిగిన పిక్సెళ్లు పక్కవాటి కంటే మసకబారితే, తెల్ల స్క్రీన్ మీద అవే నీడలా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో నీలం ముందుగా అరుగుతుంది. అందుకే ఆ నీడ కొంచెం పసుపు పచ్చగా కూడా ఉంటుంది.

మీ వాచీలో రెండు చుక్కలు అంకెల కంటే స్పష్టంగా ఎందుకున్నాయో లెక్క వేయండి. రోజుకి 16 గంటలు ఆల్వేస్ ఆన్ అనుకుంటే మూడేళ్లలో 17,520 గంటలు. గంటలకీ నిమిషాలకీ మధ్యనున్న చుక్కలు కదలవు, మారవు, కాబట్టి అన్ని గంటలూ వెలిగాయి. నిమిషాల చివరి అంకె అలా కాదు, 0 నుంచి 9 దాకా మారుతూ పోతుంది. అది ఏడు గీతల డిజిటల్ అంకె అయితే, కింద కుడి పక్క గీత 2 తప్ప మిగతా తొమ్మిది అంకెల్లోనూ వెలుగుతుంది. కింద ఎడమ పక్క గీత 0, 2, 6, 8 ల్లో మాత్రమే వెలుగుతుంది. అంటే ఒకటి పదహారు వేల గంటలకు దగ్గర్లో, ఇంకొకటి ఏడు వేల గంటలు. అందుకే ఆ చోట ఒంటికన్ను 8 లాంటి నీడ పడుతుంది: కుడి పక్క ముదురుగా, ఎడమ పక్క లేతగా. మీ తెర మీద సరిగ్గా ఇలాగే ఉంటే ఇంక సందేహమే అక్కర్లేదు.

నిర్ధారించుకోవడానికి ఒక పద్ధతుంది. ఫోన్లో ఉత్త బూడిద రంగు బొమ్మ ఒకటి, ఉత్త నీలం ఒకటి, ఉత్త ఎరుపు ఒకటి తయారు చేసుకోండి. వాచీ యాప్‌లో ఫొటోని వాచ్ ఫేస్‌గా పెట్టే సదుపాయం చాలా వాటికి ఉంటుంది, ఒక్కొక్కటే పెట్టి చూడండి. గది చీకటి చేసి, వెలుగు తగ్గించి చూస్తే నీడ బాగా తెలుస్తుంది. నీలంలో గట్టిగా, ఎరుపులో లేతగా కనబడితే బర్న్ ఇన్. ఒకే బొమ్మ చాలాసేపు ఉన్నాక తాత్కాలికంగా మిగిలే నీడ ఒకటుంటుంది. అదైతే వాచీని రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున్నకి పోతుంది. మీది నెలల తరబడి ఉంటే అది పోయే నీడ కాదు. రంగులు గబగబా మార్చి నీడ పోగొడతామనే యాప్‌లూ వీడియోలూ ఉన్నాయి. అరిగిన పదార్థాన్ని అవి తిరిగి తేలేవు. చేసేదల్లా చుట్టూ ఉన్న మంచి పిక్సెళ్లను కూడా అరగదీయడం.

కంపెనీలకి ఇది తెలియక కాదు. ఆల్వేస్ ఆన్ తెరలో ఎక్కువ భాగం నల్లగా ఉండాలనే నియమం పెట్టుకుంటాయి. 2019లో వచ్చిన గార్మిన్ వెన్యూలో, ఆల్వేస్ ఆన్‌లో ఉండగా పది శాతం కంటే ఎక్కువ పిక్సెళ్లు వెలిగినా, ఏ ఒక్క పిక్సెల్ మూడు నిమిషాలకు మించి వరసగా వెలిగినా వాచీ తెరనే ఆర్పేసేది. ఇప్పుడు చాలా వాచీలు నిమిషానికోసారి బొమ్మను కొద్ది పిక్సెళ్లు అటూ ఇటూ జరుపుతాయి. ఇందులో ఒక కిటుకుంది. అంకె గీత 3 పిక్సెళ్ల సన్నం ఉండి బొమ్మ 4 పిక్సెళ్లు జరిగితే, పాత చోటున్న పిక్సెళ్లన్నిటికీ విశ్రాంతి దొరుకుతుంది. గీత 20 పిక్సెళ్ల లావు ఉంటే, 4 పిక్సెళ్లు జరిపినా నడుమనున్న 16 వెలుగుతూనే ఉంటాయి. అంచులు మసకబారతాయి, నడుమ మాత్రం అచ్చు పడుతుంది. ఎండలో కనబడాలని అందరూ ఎంచుకునేది ఆ లావు అంకెల ఫేస్‌నే.

దానికి తోడు వేడి. పిక్సెల్ అరుగుదల వెలుగుతో పాటు వేడితోనూ పెరుగుతుంది. వెలుగు రెట్టింపు చేస్తే ఆయుష్షు సగానికి కంటే ఎక్కువే తగ్గుతుంది. మధ్యాహ్నం యార్డులో మీ వాచీ రెండింటినీ ఒకేసారి ఎదుర్కొంటోంది: ఎండకి కాలిన కేసు, ఎండను చూసి సెన్సర్ పెంచిన వెలుగు. ఆఫీసులో ఏసీ కింద కూర్చునే మనిషి అదే వాచీని అదే మూడేళ్లు ఆల్వేస్ ఆన్‌లో వాడితే నీడ ఇంకా మొదలై ఉండకపోవచ్చు. ఆన్‌లైన్లో ఒకరు 'నాకేం కాలేదు' అంటే, ఇంకొకరు 'ఏడాదికే పోయింది' అనడం అందుకే.

అయినా ఆమోలెడే నచ్చింది, మ్యాపులూ రంగులూ కావాలి అనుకుంటే ఇలా వాడండి. ఆల్వేస్ ఆన్‌ని డ్యూటీ గంటలకే పరిమితం చేయండి, టైమింగ్ పెట్టుకునే వీలు లేకపోతే కనీసం ఇంట్లో ఆపేయండి. పదహారు గంటలు ఎనిమిది అయితే తెర వెలిగే గంటలు సగం తగ్గినట్టే. ఆల్వేస్ ఆన్‌లో సన్న గీతల అంకెలో, లేదంటే ముళ్ల గడియారమో ఎంచుకోండి. ముళ్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి భారం గుండ్రంగా పంచుకుంటాయి, మధ్య బొడిపె ఒక్కటే కదలదు. తెల్ల అంకెల బదులు ఆకుపచ్చ అంకెలు పెడితే నీలానికి పని ఉండదు, పైగా ఆకుపచ్చ మన కంటికి తక్కువ కరెంటుతోనే బాగా ఆనుతుంది. ఫేస్‌ని నెలకోసారి మార్చండి, అయితే అంకెలు వేరే చోట పడే ఫేస్ కావాలి. రంగు మాత్రం మార్చి అంకెలు అక్కడే ఉంచితే లాభం లేదు. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి టైము వెలుగుతూ వదిలేసే అలవాటు ఉంటే మానేయండి, ఛార్జింగ్ వేడి కూడా కలుస్తుంది. ఆదివారం పరుగులో గంటసేపు తెర వెలిగినందుకు మాత్రం బెంగ అక్కర్లేదు. ఏడాదికి యాభై రెండు గంటలు ఈ లెక్కలో ఒక మూలకి కూడా రావు.

బ్యాటరీ తేడా చూడాలంటే జంట మోడళ్లు పోల్చాలి. గార్మిన్ ఫోర్‌రన్నర్ 255 మిప్, 265 ఆమోలెడ్, మిగతా చాలా సంగతుల్లో అన్నదమ్ములే. మామూలు వాడకంలో కంపెనీ చెప్పేది 14 రోజులు, 13 రోజులు. చూడ్డానికి తేడా లేనట్టే ఉంది గానీ ఆ 13 రోజులు చెయ్యి తిప్పినప్పుడే తెర వెలిగే పద్ధతిలో. ఆల్వేస్ ఆన్ వేస్తే సగానికి కిందికి దిగుతుంది. జీపీఎస్ నడుస్తుంటే 255కి 30 గంటలు, 265కి 20.

మిప్‌కి లోట్లు లేవని కాదు. 255లో తెర అడ్డంగా 260 పిక్సెళ్లు, 265లో అదే సైజు తెరకి 416. రంగులు పరిమితం, మిప్‌లో సాధారణంగా 64 మాత్రమే ఉంటాయి. ఫొటో పెడితే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. దగ్గరి చూపుకి కళ్లద్దాలు కావాల్సిన వయసైతే చిన్న అక్షరాల ఫేస్‌ల జోలికి పోకండి, రెండు మూడు వివరాలతో పెద్ద అంకెలున్నది పెట్టుకోండి. ట్యూబ్‌లైటు కింద, లిఫ్టులో, సినిమా హాల్లో ప్రతిసారీ బటన్ నొక్కి వెనక లైటు వెలిగించుకోవాలి. ఇంట్లోవాళ్లు 'ఇంత పెట్టి ఇదా కొన్నావు' అంటారు, దానికి సిద్ధపడండి. ఆ వెనక లైటుని సూర్యాస్తమయం తరవాత చెయ్యి తిప్పితే వెలిగేలా, ఇరవై శాతం దగ్గర పెట్టుకుంటే చాలు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచినా చీకట్లో అంతకు మించి అక్కర్లేదు, కళ్లకు గుచ్చుకోదు కూడా. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి. ఏ ఎల్‌సీడీ అయినా బాగా కాగితే తెర నల్లబడుతుంది. చల్లారాక మామూలవుతుంది గానీ బ్యాటరీకి ఆ వేడి మంచిది కాదు.

పాత వాచీని ఇప్పుడే పక్కన పడేయనక్కర్లేదు. ఆల్వేస్ ఆన్ ఆపేసి, నల్ల నేపథ్యం ఉన్న ఫేస్ పెడితే ఆ నీడ కంటికి కనబడదు, ఆరిన పిక్సెల్‌లో అరుగుదల తెలియదు కదా. ఇంట్లో ఎవరైనా సాయంత్రం నడకకి వాడుకోవచ్చు. కొత్తది ఆమోలెడే కొంటే మాత్రం బిల్లు కట్టే ముందు వారంటీ కార్డులో బర్న్ ఇన్ గురించి ఏముందో వెతకండి. చాలా చోట్ల దాన్ని వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదల కిందే రాసి వారంటీ నుంచి తప్పిస్తారు. షాపులో కుర్రాడు 'ఏం కాదు సార్' అంటే ఆ మాట బిల్లు మీద రాసి స్టాంపు వేయమనండి.